రిజిస్టర్‌లో ఒక వరుస

"పాప యాడ పుట్టింది మేడం?"

కరీంనగర్ నగరపాలక సంస్థ కౌంటర్ దగ్గర మా చెల్లెకు ఎదురైన మొదటి ప్రశ్న ఇది. పాపను ఒకటో తరగతిలో చేర్చాలి, బడివాళ్లు జనన ధ్రువీకరణ పత్రం అడిగారు. చెల్లె సంచిలో అందరి ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, ఇంటి పన్ను రసీదు, టీకాల కార్డు అన్నీ ఉన్నాయి. ఆ ఉద్యోగి వాటిలో ఒక్కటీ చూడలేదు.

"జగిత్యాలల. మా అమ్మగారింట్ల" అంది చెల్లె.

"అయితే ఈడ ఎన్ని దినాలు వెతికినా దొరకది. పుట్టిన ఊళ్లనే రాస్తరు."

మన ఇళ్లలో తొలికాన్పు పుట్టింట్లో జరగడం ఆనవాయితీ. కాపురం ఒక ఊళ్లో, కాన్పు మరో ఊళ్లో. అందుకే చాలామంది మొదట తప్పు ఆఫీసుకు వెళ్తారు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం బిడ్డ ఏ ఊళ్లో పుడితే ఆ ఊరి రిజిస్ట్రారే ఆ పుట్టుకను నమోదు చేయాలి. తల్లిదండ్రులు ఎక్కడ ఉంటున్నారన్నది దానికి సంబంధం లేని సంగతి. ఆసుపత్రిలో కాన్పయితే సమాచారం పంపే బాధ్యత ఆసుపత్రిది. ఇంట్లో అయితే ఇంటి పెద్దది. గడువు 21 రోజులు.

మర్నాడు చెల్లెతో పాటు నేనూ జగిత్యాల బస్సెక్కాను. అక్కడ తేదీ అడిగారు. "2019 జూన్ 16, ఆదివారం" అని చెల్లె తడుముకోకుండా చెప్పింది. తల్లి పేరు, తండ్రి పేరు కొట్టి వెతికారు. లేదు. పేరు స్పెల్లింగ్ మార్చి చూశారు. అయినా లేదు. చెల్లె ముఖం పాలిపోయింది. ఆసుపత్రివాళ్లు పంపనే లేదేమో అనుకున్నాం.

కౌంటర్‌లో ఉన్నావిడ కాసేపు ఆగి, "ఎన్ని గంటలకు పుట్టిందమ్మా?" అని అడిగింది.

"ఆదివారం రాత్రి. పన్నెండు నలభైకి."

ఆవిడ తేదీని 17కి మార్చింది. వరుస కనబడింది.

మన పెద్దల లెక్కలో సూర్యోదయంతో రోజు మారుతుంది. అర్ధరాత్రి దాటినా తెల్లవారేదాకా అది ఆదివారం రాత్రే. అమ్మ అలాగే చెప్పింది, ఇంట్లో అందరం అదే అనుకున్నాం, పాప ఆధార్ కార్డులోనూ 16 అనే రాయించాం. ఆసుపత్రి గడియారానికి, ప్రభుత్వ రిజిస్టర్‌కు మాత్రం పన్నెండు దాటితే మరుసటి రోజే.

ఆవిడ స్క్రీన్ మావైపు తిప్పింది. పుట్టిన తేదీ 17, నమోదు తేదీ జూన్ 28, ఆడశిశువు, పుట్టిన చోటు, తల్లి పేరు, తండ్రి పేరు, ఒక నమోదు సంఖ్య. శిశువు పేరు ఉండాల్సిన గడి ఖాళీగా ఉంది.

ఆ స్క్రీన్ చూస్తుంటే నాకు విషయం బోధపడింది. జనన ధ్రువీకరణ పత్రాన్ని మున్సిపాలిటీ మనం ఇచ్చే కాగితాలు చూసి తయారు చేయదు. రిజిస్టర్‌లో ముందే రాసి ఉన్న ఒక వరుసకు నకలు తీసి, సంతకం పెట్టి ఇస్తుంది. అందుకే సంచిలో ఎన్ని కార్డులున్నా అక్కడ తేలాల్సినవి మూడే: ఆ వరుస ఉందా, ఏ ఊళ్లో ఉంది, అందులో ఏం రాసి ఉంది.

చెల్లె మెల్లగా అడిగింది. "ఆధార్‌ల 16 ఉంది కదా మేడం, ఈడ ఒక్క రోజు వెనక్కి మార్చరాదా?"

"ఈడ తప్పుంటే దిద్దుతం. ఆసుపత్రి కేసు షీటుల ఏమున్నదో చూడుండ్రి."

అందులోనూ 17 అనే ఉంటుందని మాకు తెలుసు. అంటే రిజిస్టర్‌లో తప్పు లేదు, తప్పు ఆధార్‌లో ఉంది. ఈ పత్రం చూపించి ఆధార్‌నే సరిచేయించుకోవాలి. ఒకవేళ రిజిస్టర్‌లో నిజంగా పొరపాటు దొర్లినా, రుజువు చూసుకున్నాక కూడా రిజిస్ట్రార్ పాత రాతను చెరపడానికి వీల్లేదు. అసలు రాతను అలాగే ఉంచి, పక్కన మార్జిన్‌లో సరైనది రాసి, సంతకం చేసి తేదీ వేయాలని చట్టంలోని 15వ సెక్షన్ చెబుతోంది. ఎప్పుడు, ఎవరు, ఏం మార్చారో తర్వాత చూసేవాళ్లకు తెలియాలి కాబట్టి ఆ ఏర్పాటు.

పేరు సంగతి వేరు. పుట్టిన కొద్ది రోజులకే నమోదు జరుగుతుంది. అప్పటికి చాలా ఇళ్లలో పేరు పెట్టి ఉండరు. అందుకని పేరు లేకుండానే పుట్టుకను రాస్తారు. నమోదైన నాటి నుంచి 12 నెలల లోపు తల్లిదండ్రులు వెళ్లి చెబితే రుసుము లేకుండా పేరు చేరుస్తారు. ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుము కట్టి చేర్పించుకోవచ్చు. మా పాపకు ఆరేళ్లు కాబట్టి రుసుము కట్టాం. తల్లిదండ్రుల గుర్తింపు కార్డులు జతచేసి, ఇద్దరి సంతకాలతో దరఖాస్తు ఇవ్వాలన్నారు. బావగారి సంతకం కోసం ఇంకోసారి తిరగాల్సి వచ్చింది.

దరఖాస్తులో పేరు రాసేటప్పుడు ఆవిడ చెల్లె చేతిని ఆపింది. "ఇంటిపేరు పొడి అక్షరం రాయకుండ్రి, పూర్తిగ రాయుండ్రి. తెలుగుల, ఇంగ్లిష్‌ల రెండూ ఒకటికి రెండుసార్లు చూసుకోండ్రి." బడిలో, పాస్‌పోర్టులో రేపు దీన్నే పోలుస్తారు. గడి ఖాళీగా ఉన్నప్పుడు నింపడం తేలిక. నింపాక మార్చాలంటే అది దిద్దుబాటు అవుతుంది, రుజువులు కావాలి.

మా వెనక వరుసలో ఒక తాత తన మనవడి కోసం వచ్చాడు. పిల్లవాడు ఇంట్లోనే పుట్టాడట, మూడేళ్లయింది, ఎవరూ చెప్పలేదు. వెతికితే నిజంగానే వరుస లేదు. అలాంటప్పుడు ముందుగా తీసుకోవాల్సింది, రిజిస్టర్‌లో నమోదు లేదని చెప్పే పత్రం. 21 రోజులు దాటి 30 రోజుల లోపైతే ఆలస్య రుసుముతో సరిపోయేది. ఏడాది లోపైతే నిర్ణీత అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటాక మెజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే కొత్త వరుస రాయడానికి వీల్లేదు. 2023 సవరణ తర్వాత ఆ అధికారం జిల్లా మెజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మెజిస్ట్రేట్ వంటి అధికారులది, అంటే మన దగ్గర మామూలుగా ఆర్డీఓది. పుట్టుక నిజమో కాదో విచారించాకే ఉత్తర్వు వస్తుంది. తాతను అటే పంపారు. ఒక్క వరుస లేనందుకు ఆయన దారి మాకన్నా ఎంతో పొడవైంది.

ఈ తేడా ఇకపై ఇంకా పెరుగుతుంది. 2023 అక్టోబర్ 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లకు బడిలో చేరడానికి, డ్రైవింగ్ లైసెన్సుకు, ఓటరు జాబితాకు, పెళ్లి నమోదుకు, ప్రభుత్వ ఉద్యోగానికి పుట్టిన తేదీ రుజువుగా ఈ పత్రమే చూపాలని ఆ సవరణ నిర్దేశించింది. నమోదు పూర్తయిన ఏడు రోజుల లోపు సమాచారమిచ్చినవారికి పత్రం ఉచితంగా ఇవ్వాలనీ అందులో ఉంది. కాబట్టి ఇప్పుడు కాన్పయినవాళ్లు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేముందు, తమ వివరాలు ఏ స్పెల్లింగ్‌తో పంపారో అడిగి చూసుకుంటే సగం తిరుగుళ్లు తప్పుతాయి.

పాప పత్రం వచ్చాక చెల్లె దాని నకలు అమ్మకు చూపించింది. "ఆదివారం పుట్టిన పిల్లను సోమవారం చేసిండ్రా?" అంది అమ్మ. చెల్లె నవ్వి, ఆ నకలు వెనక పెన్నుతో రాసుకుంది: జగిత్యాల, నమోదు సంఖ్య, నమోదు తేదీ. ఎప్పుడు ఇంకో నకలు కావాలన్నా ఆ మూడూ చెబితే చాలు, వరుస దొరుకుతుంది.