రక్తం పలచన చేసే మందు పడనివారికి గుండెలో ఒక మూత

తెనాలి దగ్గర పల్లెలో ఉండే 76 ఏళ్ల పెద్దాయన ఒకరు ఉన్నారనుకుందాం. బీపీ, షుగరు ఏనాటి నుంచో ఉన్నాయి. గుండె లయ తప్పి కొట్టుకుంటోందనీ, అది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనీ రెండేళ్ల కిందట ఈసీజీలో తేలింది. గడ్డ కట్టకుండా మాత్ర రాశారు, ఆయనా తప్పకుండా వేసుకున్నారు. ఒకరోజు పొద్దున్నే విపరీతమైన తలనొప్పి, మాట తడబాటు. స్కాన్ తీస్తే మెదడులో రక్తస్రావం. మందు ఆపారు, మనిషి కోలుకున్నారు. గుండె లయ మాత్రం మారలేదు. మందు మళ్లీ మొదలుపెడితే మెదడులో రక్తం కారుతుందేమోనని భయం. మానేస్తే గడ్డ పైకి ఎగిరి పక్షవాతం వస్తుందేమోనని భయం.

ఈ గడ్డ ఎక్కడ పుడుతుందో తెలిస్తే మిగతా కథ సులువుగా అర్థమవుతుంది. గుండె ఎడమవైపు పైగదికి పక్కన చిన్న సంచీ ఒకటి వేలాడుతూ ఉంటుంది. దాన్ని ఎడమ కర్ణిక అపెండేజ్ అంటారు. పైగది సరిగ్గా ముడుచుకుంటున్నంత కాలం ఈ సంచీలోని రక్తం కూడా కదులుతూనే ఉంటుంది. ఫిబ్రిలేషన్ వచ్చాక గది ముడుచుకోవడం మాని వణుకుతుంది. అప్పుడు ఆ మూల, పారే కాలువ పక్కన నీళ్లు నిలిచిపోయిన మడుగులా తయారవుతుంది. అక్కడ గడ్డ కట్టి, విడిపోయి, నేరుగా మెదడుకు వెళ్తుంది. కవాటాలకు రుమాటిక్ జబ్బు లేని రోగుల్లో ఎడమ పైగదిలో దొరికిన గడ్డల్లో సుమారు 90 శాతం ఈ సంచీలోనే ఉన్నాయని పరిశీలనలు చెబుతున్నాయి. అలాంటప్పుడు ఒళ్లంతా పారే రక్తాన్ని పలచన చేసే బదులు సంచీ నోరే మూసేస్తే సరిపోదా అన్న ఆలోచన అక్కడినుంచి వచ్చింది. 2001లో మొదటిసారి తొడ దగ్గరి సిర గుండా పరికరం పంపి మూశారు. వాచ్‌మన్ అనే పరికరానికి 2015లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆమ్యులెట్ అనేది మరో రకం.

అయితే ఆ గది దాకా వెళ్లేముందు తేల్చుకోవలసిన మాట ఒకటుంది. ‘మందు పడదు’ అని మనం అనుకునే వారందరికీ నిజంగా మందు పడదా? ఎసిట్రోమ్ వాడుతూ ఐఎన్ఆర్ అదుపులో లేక చిగుళ్ల నుంచి రక్తం వచ్చినవారు, కడుపులో పుండువల్ల నల్లటి విరేచనం అయినవారు ఆ జాబితాలోకి వెంటనే రారు. పుండు మానుతుంది, మందు మార్చవచ్చు. వార్ఫరిన్ పనికిరాదనుకున్న రోగులకు ఎపిక్సాబాన్ ఇచ్చి, దాన్ని ఆస్పిరిన్‌తో పోల్చి చూసిన అవెరోస్ అధ్యయనం 2011లో వచ్చింది. ఎపిక్సాబాన్‌తో పక్షవాతాలు సగానికి పైగా తగ్గాయి, పెద్ద రక్తస్రావాలు మాత్రం ఆస్పిరిన్‌తో వచ్చినన్నే వచ్చాయి. ‘భయమేస్తోంది, ఆస్పిరిన్ ఇస్తే చాలదా’ అనే ఇళ్లు మనకు చాలానే ఉన్నాయి. వాళ్లు ఈ ఫలితాన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

మన పెద్దాయన సంగతి వేరు. ఎంఆర్ఐలో మెదడు పైపొరల్లో చిన్నచిన్న పాత రక్తపు మచ్చలు చాలా కనిపించాయి. అక్కడి రక్తనాళాల గోడల్లో అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకుని అవి పెళుసుబారాయి. ఇది సరిచేయగల కారణం కాదు, మళ్లీ కారే అవకాశం ఎక్కువ. ఇంకోవైపు పక్షవాతం ముప్పు లెక్క చూస్తే 75 దాటినందుకు 2, బీపీకి 1, షుగరుకు 1, మొత్తం 4 పాయింట్లు. మందు లేకపోతే ఏడాదికి నూటికి నాలుగైదుగురికి పక్షవాతం వచ్చే స్థాయి అది. రెండు వైపులా ముప్పు ఇలా నిలబడ్డప్పుడే ఈ మూత గురించి మాట్లాడాలి. మెదడులోని రక్తస్రావం పూర్తిగా సద్దుమణిగేదాకా కొన్ని వారాలు ఆగుతారు కూడా, ఎందుకంటే మూత పెట్టే సమయంలో హెపారిన్ ఇవ్వక తప్పదు.

ముందు సీటీ స్కాన్‌తోనో, గొంతులోంచి గొట్టం దింపి చేసే ఎకోతోనో సంచీలో ఇప్పటికే గడ్డ ఉందేమో చూస్తారు. ఉంటే ఆ రోజు పని ఆపేస్తారు, తీగ తగిలి గడ్డ కదిలితే అదే పక్షవాతం. లేదని నమ్మకం కుదిరాక కుడి తొడ దగ్గరి సిరలోంచి గొట్టాన్ని గుండె కుడివైపుకు పంపి, రెండు పైగదుల మధ్య గోడను సన్నని సూదితో గుచ్చి ఎడమవైపుకు దాటుతారు. ఆ గుచ్చే చోటు కిందికి, వెనక్కి ఉంటే గొట్టం సంచీ నోటికి సూటిగా వెళ్తుంది. సంచీ నోటిని నాలుగు కోణాల్లో కొలుస్తారు. రోగి ఖాళీ కడుపుతో, ఒంట్లో నీరు తగ్గి ఉంటే సంచీ ముడుచుకుని చిన్నదిగా కనిపించి కొలత తప్పుతుంది, అందుకే ముందు సెలైన్ ఎక్కిస్తారు. నోరు 22 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. పరికరం లోపల కొంత నొక్కుకుని కూర్చోవాలి కాబట్టి 27 మిల్లీమీటర్లది ఎంచుతారు. అది నికెల్, టైటానియం కలిసిన తీగల అల్లిక, రక్తం తగిలే వైపు పాలియెస్టర్ గుడ్డ. విప్పాక, వదిలేసే ముందు మెల్లగా లాగి చూస్తారు, కదలకూడదు. పక్కల్లోంచి రక్తం జారుతోందేమో ఎకోలో చూస్తారు. నచ్చకపోతే వెనక్కి మడిచి మళ్లీ పెట్టవచ్చు. వదిలేశాక ఆ వీలు అంత తేలిగ్గా ఉండదు.

సంచీ గోడ చాలా పలచన. అది చిరిగితే గుండె చుట్టూ ఉన్న పొరలో రక్తం చేరి గుండెను నొక్కేస్తుంది, బీపీ గభాలున పడిపోతుంది. అప్పటికప్పుడు సూదితో ఆ రక్తం తీయాలి. తొలి పెద్ద అధ్యయనం ప్రొటెక్ట్ ఏఎఫ్‌లో దాదాపు 5 శాతం మందికి ఇలాంటి తీవ్ర సమస్య వచ్చింది. కొత్త పరికరాలతో, చేయి తిరిగిన డాక్టర్ల దగ్గర సుమారు 1 శాతానికి తగ్గింది. అందుకే ‘మీరు ఇలాంటివి ఎన్ని చేశారు’ అని అడగడానికి మొహమాటపడకండి.

ఆ పెద్దాయన కొడుకు అడిగే ప్రశ్న, చాలామంది అడిగేదే. ‘డాక్టరు గారూ, ఇది పెట్టాక ఇక నాన్నకు మాత్రలే ఉండవా?’ ఉంటాయి, కొన్నాళ్లు. గుడ్డ మీద గుండె లోపలి పొర అల్లుకునేదాకా ఆ పరికరం మీదే గడ్డ కట్టవచ్చు. నూటికి మూడు నాలుగు కేసుల్లో కడుతుంది కూడా. మామూలుగా 45 రోజులు వార్ఫరిన్, తర్వాత ఆరు నెలల దాకా రెండు ప్లేట్‌లెట్ మందులు అనేది మొదటి అధ్యయనాల పద్ధతి. వార్ఫరిన్ అసలే వద్దన్నవారికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కొన్ని నెలలు ఇచ్చి, తర్వాత ఒకటే ఉంచుతారు. ఆ కొద్ది నెలలైనా ఈ మాత్రలు తట్టుకోలేని మనిషికి మూత పెట్టడమే ఆలోచించవలసిన విషయం. ఆరు వారాల నుంచి మూడు నెలల మధ్య మళ్లీ ఎకో గానీ సీటీ గానీ తీయాలి. పరికరం మీద గడ్డ ఉందా, అంచుల్లో 5 మిల్లీమీటర్లకు మించి సందు ఉందా అన్నదే అందులో చూసేది. ఊరు దూరమని ఈ స్కాన్ ఎగ్గొట్టేవారిని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, పొంచి ఉన్న గడ్డను ముందే పట్టుకునే దారి అదొక్కటే.

దీని బలం ఎంత? వార్ఫరిన్‌తో పోల్చిన రెండు అధ్యయనాల ఐదేళ్ల లెక్కలు కలిపి చూస్తే మొత్తం పక్షవాతాలు దాదాపు సమానం. మెదడులో రక్తం కారి వచ్చేవి బాగా తగ్గాయి, గడ్డ వల్ల వచ్చేవి కాస్త ఎక్కువగా కనిపించాయి. కానీ ఆ రోగులంతా వార్ఫరిన్ వేసుకోగలిగినవారు. అసలు వేసుకోలేనివారి మీద రుజువు అంత బలంగా లేదు. అందుకే 2023 అమెరికా మార్గదర్శకాలు ఇది సమంజసమన్నాయి, 2024 యూరప్ మార్గదర్శకాలు ఆలోచించవచ్చని మాత్రమే అన్నాయి. మెడ రక్తనాళాల్లో కొవ్వు పేరుకుని వచ్చే పక్షవాతాన్ని ఈ మూత ఆపదు, బీపీ అదుపు తప్పి వచ్చే రక్తస్రావాన్నీ ఆపదు.

మన దగ్గర మరో జాగ్రత్త అవసరం. చిన్నప్పటి రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ వాల్వు సన్నబడినవారు తెలుగు నేల మీద ఇంకా చాలామంది ఉన్నారు. వారిలో గడ్డలు సంచీలోనే కాక పైగదిలో ఇంకెక్కడైనా కడతాయి, అందుచేత ఈ మూత వారికి కాదు. కొత్త మాత్రలు కూడా వారికి సరిపోవని 2022లో వచ్చిన ఇన్విక్టస్ అధ్యయనం తేల్చింది. అలాంటివారికి వార్ఫరిన్, ఎసిట్రోమ్‌ల కోవలోని మందే, ఐఎన్ఆర్ 2 నుంచి 3 మధ్య ఉండేలా చూసుకుంటూ వాడాలి. కాబట్టి ఎవరైనా మూత మాట ఎత్తగానే ముందుగా అడగవలసింది వాల్వు ఎకో రిపోర్టు.