మోటారు మెల్లగా తిరిగితే బలం ఎందుకు తగ్గుతుంది?

బస్తాలు మోసే బెల్టును మెల్లగా నడపాలంటే, దాని ఇండక్షన్ మోటారుకు అందే కరెంటు ఫ్రీక్వెన్సీని డ్రైవ్‌తో తగ్గిస్తాం. అదొక్కటే తగ్గిస్తే లోపలి అయస్కాంత క్షేత్రం మితిమీరి మోటారు వేడెక్కుతుంది. అందుకే వోల్టేజీనీ అదే నిష్పత్తిలో తగ్గిస్తాం. 50 హెర్ట్జ్‌కు 400 వోల్టులైతే, 5 హెర్ట్జ్‌కు 40 వోల్టులు.

కానీ తీగచుట్ట నిరోధం తగ్గదు. నిండు బరువు మీద అది 10 వోల్టులు తినేస్తుందనుకుందాం. 400లో 10 పోతే తేడా తెలియదు. 40లో పోతే మిగిలేది 30, అంటే ముప్పాతిక. క్షేత్రమూ ముప్పాతికకు పడిపోతుంది. మోటారు ఇవ్వగల గరిష్ఠ టార్క్ క్షేత్రం వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక, అది దాదాపు సగానికి దిగుతుంది. మోటారు మూలుగుతుంది, బెల్టు కదలదు.

అందుకని తక్కువ వేగాల దగ్గర డ్రైవ్‌లో కొన్ని వోల్టులు అదనంగా పెడతాం. మరీ ఎక్కువ పెడితే, బెల్టు ఖాళీగా ఉన్నా మోటారు వేడెక్కుతుంది.