ఫైనల్ ఎగ్జామ్ ఇంకా రాయలేదు, మరి 80 శాతం ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ ఎపిసోడ్ నా బీటెక్ ఫ్రెండ్ వల్ల చేస్తున్నాను. వాడు అమెరికాలో ఎంఎస్ చేస్తున్నాడు. మొన్న స్క్రీన్‌షాట్ పంపి, "మామా, టోటల్ 80 చూపిస్తోంది, మా సిలబస్‌లో 80కి బి గ్రేడ్. ఇంక ఈ సబ్జెక్ట్ గురించి టెన్షన్ లేదు కదా? డ్రాప్ చేసే గడువు శుక్రవారమే" అన్నాడు. టెన్షన్ ఉంది రా అన్నాను. ఎందుకో మీక్కూడా చెప్తాను, ఎందుకంటే ఆ 80 అబద్ధం కాదు, కానీ వాడు అనుకుంటున్న 80 కూడా కాదు.

వాడి కోర్సులో వెయిటేజీ ఇలా ఉంది. హోంవర్క్ 20, క్విజ్‌లు 20, మిడ్‌టర్మ్ 25, ఫైనల్ 35. మొత్తం వంద. ఇప్పటిదాకా హోంవర్క్ సగటు 90, క్విజ్ సగటు 80, మిడ్‌టర్మ్‌లో 72. ఫైనల్ ఇంకా జరగలేదు కాబట్టి అక్కడ ఏమీ లేదు, ఖాళీ.

మామూలుగా లెక్కేస్తే 90లో 20 శాతం అంటే 18, 80లో 20 శాతం అంటే 16, 72లో 25 శాతం అంటే మళ్లీ 18. కలిపితే 52. అంటే టర్మ్ మధ్యలో, బాగానే చదువుతున్న కుర్రాడికి స్క్రీన్ మీద 52 కనిపిస్తుంది. చూసినవాడికి గుండె ఆగిపోతుంది. జరగని పరీక్షకి సున్నా వేసినట్టే కదా అది.

అందుకే సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందంటే, మార్కులు లేని కేటగిరీని పక్కన పెట్టి, మిగిలినవాటి వెయిటేజీనే వందగా తీసుకుంటుంది. మిగిలింది 65. అందుకని 52ని 0.65తో భాగిస్తుంది, 80 వస్తుంది. ఇక్కడ ఫైనల్‌కి ఉన్న 35ని మిగతా మూడింటికీ సమానంగా పంచలేదు, గమనించండి. ఎవరి వాటాని బట్టి వాళ్లకి పంచింది. హోంవర్క్ 20 కాస్తా 30.8 అయింది, క్విజ్‌లు కూడా అంతే, మిడ్‌టర్మ్ 38.5 దాకా వెళ్లింది. కాన్వాస్‌లో వెయిటేజీ పెట్టిన కోర్సులకి ఇలాగే జరుగుతుంది. మూడ్‌ల్‌లో అయితే Exclude empty grades అని ఒక సెట్టింగ్ ఉంటుంది, దాదాపు ఇదే పని.

ఇప్పుడు మనమే షీట్స్‌లో చేద్దాం. A కాలమ్‌లో పేర్లు, B2 నుంచి B5 దాకా వెయిటేజీ, C2 నుంచి C5 దాకా సగటు మార్కులు. ఫైనల్ ఉన్న C5 ఖాళీగా వదిలేయండి. తర్వాత ఏదైనా సెల్‌లో ఇది టైప్ చేయండి:

```
=IFERROR(SUMPRODUCT(B2:B5,C2:C5)/SUMIF(C2:C5,">=0",B2:B5),"")
```

పైన ఉన్నది మనం వేసిన గుణకారాల మొత్తం. కింద SUMIF ఏం చేస్తోందంటే, C లో నిజంగా నంబర్ ఉన్న వరుసల వెయిటేజీ మాత్రమే కూడుతోంది. ఖాళీ సెల్‌ని అది లెక్కలోకి తీసుకోదు, కానీ సున్నాని తీసుకుంటుంది. టర్మ్ మొదటి రోజు ఏ మార్కులూ లేకపోతే సున్నాతో భాగించాల్సి వస్తుంది కాబట్టి చుట్టూ IFERROR. ఫోన్‌లో చాట్ నుంచి కాపీ చేసేవాళ్లు ఒకటి చూసుకోండి, కీబోర్డ్ ఒక్కోసారి కొటేషన్ గుర్తుల్ని వంకరగా మార్చేస్తుంది, అప్పుడు ఫార్ములా ఎర్రర్ ఇస్తుంది. తప్పు మీది కాదు, గుర్తులు మళ్లీ టైప్ చేస్తే చాలు.

ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడ కాదు, C కాలమ్‌లో. హోంవర్క్ మార్కులు వేరే చోట ఉంటే వాటి సగటు AVERAGEతో తెస్తాం. మార్కులు లేకపోతే #DIV/0! వస్తుంది, చూడ్డానికి బాగోదని చాలామంది ఇలా రాస్తారు:

```
=IFERROR(AVERAGE(F2:O2),0)
```

అయిపోయింది. ఆ చివరి సున్నా వల్ల ఖాళీ కాస్తా నిజమైన సున్నా మార్కులు అయిపోయింది, మళ్లీ 52కి వచ్చాం. అక్కడ 0 బదులు "" పెట్టండి. పని చేస్తోందో లేదో తెలుసుకోవడం సులభం. మార్కులు లేని కేటగిరీ వెయిటేజీని 35 నుంచి 50కి మార్చి చూడండి. టోటల్ కదలకూడదు. కదిలిందంటే ఎక్కడో సున్నా దాక్కుని ఉంది.

దీనికి ఉల్టా తప్పు ఇంకా ప్రమాదం. మిడ్‌టర్మ్‌కి ఎవరైనా రాలేదనుకోండి. మనవాళ్లు అలవాటుగా AB అని రాస్తారు. అది అక్షరాలు కాబట్టి మన ఫార్ములా దాన్ని ఖాళీ లాగే చూస్తుంది. నా ఫ్రెండ్ అసలు మిడ్‌టర్మ్‌కే వెళ్లలేదు అనుకుంటే 34ని 0.40తో భాగించాలి, 85 వస్తుంది. పరీక్ష రాస్తే 80, ఎగ్గొడితే 85! సున్నా వేసి ఉంటే 52.3 వచ్చేది. అందుకే ఖాళీ అంటే "ఇంకా జరగలేదు", సున్నా అంటే "జరిగింది, ఏమీ రాలేదు". ఈ తేడా ఏ ఫార్ములాకీ తనంతట తెలీదు, మార్కులు ఎక్కించే మనిషే చెప్పాలి.

నేనేం తక్కువ తినలేదు లెండి. కాలేజీలో మా క్లాస్ కోసం చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాశాను, అందులో మొదటి లైన్ పెట్టాను, రెండోది పెట్టాల్సింది:

```python
if avg:
if avg is not None:
```

పైథాన్‌కి 0 కూడా "లేదు" కిందే లెక్క. దాంతో ల్యాబ్‌లో సున్నా వచ్చినవాడి ల్యాబ్ కేటగిరీయే మాయమై, వాడు లిస్ట్‌లో పైకి వెళ్లిపోయాడు. వాడు మాత్రం నాకు టీ ఇప్పించాడు.

సరే, మా ఫ్రెండ్ దగ్గరికి వద్దాం. ఆ 80కి అసలు అర్థం ఏంటంటే, ఫైనల్‌లో కూడా వాడికి సరిగ్గా 80 వస్తుందని ఊహించుకోవడం. కావాలంటే C5లో 80 వేసి చూడండి, టోటల్ 80 దగ్గరే ఉంటుంది. కానీ వాడి 80లో హోంవర్క్ 90 ఉంది, ఇంట్లో కూర్చుని టైమ్ తీసుకుని చేసింది. హాల్లో రాసిన మిడ్‌టర్మ్‌లో వచ్చింది 72. ఫైనల్‌లోనూ 72 వస్తే 52కి 25.2 కలిసి 77.2 అవుతుంది. బి గ్రేడ్ పోయినట్టే. నూటికి నూరు వచ్చినా 87 దాటడు, అంటే 90 కావాల్సిన గ్రేడ్ మీద ఇప్పుడే ఆశ వదులుకోవచ్చు.

మీ ఫైనల్‌లో ఎంత కావాలో తెలియాలంటే, కావాల్సిన టోటల్‌లోంచి ఇప్పటిదాకా సంపాదించినది తీసేసి, మిగిలిన వెయిటేజీతో భాగించండి. వాడికి 80 మీద 5 మార్కుల జాగ్రత్త కూడా కావాలి అనుకుంటే, 85లోంచి 52 పోతే 33, దాన్ని 0.35తో భాగిస్తే 94.3. భాగించాల్సింది 52తో మొదలుపెట్టి, స్క్రీన్ మీది 80తో కాదు. ఆ 52 కాన్వాస్‌లోనే చూడొచ్చు, గ్రేడ్స్ పేజీలో Calculate based only on graded assignments అన్న టిక్ తీసేస్తే, టీచర్ టోటల్ దాచిపెట్టకపోతే కనిపిస్తుంది.

వాడు డ్రాప్ చేయలేదు. రెండు పాత ప్రశ్నపత్రాలు టైమ్ పెట్టుకుని రాశాడు, 78, 81 వచ్చాయట, అది చూసి ఉండిపోయాడు. ఎక్స్‌ట్రా క్రెడిట్ కేటగిరీ ఉంటే మాత్రం ఈ ఫార్ములా పనికిరాదు, దాని వెయిటేజీ కింద భాగహారంలోకి వెళ్లకూడదు. అది వచ్చే ఎపిసోడ్‌లో అదే షీట్ మీద చేద్దాం, షీట్ డిలీట్ చేయకండి.