చినిగిన రేకుతో మొదలుపెట్టండి

యూట్యూబ్‌లో వీడియో పెట్టేవాళ్లకు స్టూడియోలో ఒక గీత కనిపిస్తుంది. ఏ సెకనులో ఎంతమంది ఇంకా చూస్తున్నారో చెప్పే రిటెన్షన్ గ్రాఫ్ అది. ముప్పై సెకన్లు దాటేసరికి ఎంత శాతం మిగిలారో దాని దగ్గరే విడిగా చూపిస్తారు. మొదట్లో గీత కొంత దిగడం ఎవరికైనా తప్పదు. పొరపాటున నొక్కినవాళ్లు, వేరేదేదో అనుకుని వచ్చినవాళ్లు వెళ్లిపోతారు. మెల్లగా వాలితే ఫర్వాలేదు. ఒక్కచోట నిట్టనిలువుగా పడితే మాత్రం ఆ సెకనులో మనం ఏం చూపించామో వెనక్కి వెళ్లి చూసుకోవాలి.

ఉదాహరణకు ఆత్రేయపురం పూతరేకుల మీద పద్నాలుగు నిమిషాల వీడియో తీశామనుకుందాం. మొదట పది సెకన్ల లోగో, తర్వాత నమస్కారం, సబ్‌స్క్రైబ్ చేయమన్న మాట, ఆపైన కారులోంచి గోదావరి. రేకు తీసే చోటికి చేరేసరికి రెండు నిమిషాలు. థంబ్‌నెయిల్ మీద వేసిందేమో బోర్లించిన కుండ మీంచి లేస్తున్న పల్చటి రేకు. దాన్ని చూడాలని వచ్చినవాడికి లోగో ఎందుకు?

ఇందులో మంచి ఘట్టం ఏది? చాలామంది ఎడిటర్లు నెయ్యి, బెల్లం పొడి వేసి మడతపెట్టిన పూతరేకు దగ్గర ఆగుతారు. అది చూడముచ్చటగానే ఉంటుంది కానీ, అక్కడితో పని అయిపోయింది. ముందే చూపిస్తే చూసేవాడికి తెలుసుకోవలసిందేమీ మిగలదు. నా ఓటు తొమ్మిదో నిమిషానికి. అక్కడ వీడియో తీస్తున్న అమ్మాయి తానూ ప్రయత్నిస్తుంది. పల్చటి గుడ్డని బియ్యప్పిండి జారులో ముంచి వేడి కుండ మీద పరిచి లాగుతుంది. రేకు చినిగిపోతుంది. పక్కనున్న పెద్దావిడ నవ్వి, ‘చెయ్యి ఆగకూడదమ్మా’ అంటుంది. ఆ అమ్మాయి రెండోసారి గుడ్డ ముంచుతుంది. సరిగ్గా అక్కడ కట్ చేయాలి. వచ్చిందా రాలేదా అన్నది లోపలే ఉండాలి.

ఇది ముందుకు తేదగ్గ ఘట్టమే అనడానికి కారణం, ఎవరినీ పరిచయం చేయకుండానే అర్థమవడం. అదే వీడియోలో పెద్దావిడ తన అత్తగారిని తలుచుకుని కళ్లు తుడుచుకునే చోటు ఉందనుకోండి, పన్నెండో నిమిషంలో అది గుండెను పట్టుకుంటుంది. ఆవిడెవరో తెలియని మూడో సెకనులో పట్టుకోదు. ముందే పెట్టామా, తర్వాత దాని బలమూ పోతుంది.

ఇక ముప్పై సెకన్ల లెక్క. చినిగే బిట్టుకు పది సెకన్లు చాలు. సంగీతం వద్దు, మంట చిటపట, ఆవిడ నవ్వు ఉంటే సరిపోతుంది. తర్వాతి పది సెకన్లలో రెండు వాక్యాలు: ఇది ఆత్రేయపురం, 2023లో భౌగోళిక గుర్తింపు దక్కిన పూతరేకులు ఇక్కడివే, ఇంత పల్చటి రేకు చినగకుండా ఎలా వస్తుందో చూద్దాం. మిగిలిన పది సెకన్లలో నేరుగా పనిలోకి దిగిపోవాలి, నానిన బియ్యం దగ్గరికి. గోదావరి షాట్ అంత బాగుంటే మధ్యలో ఊపిరి తీసుకునే చోట వాడుకోవచ్చు.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఈ రెండో పది సెకన్లలోనే. బిట్టు చూపించి, తెర నల్లగా చేసి, మళ్లీ లోగోతో ‘హాయ్ ఫ్రెండ్స్’ అని మొదటికొస్తారు. అప్పుడు గీత పడకుండా ఆగదు, పదిహేను సెకన్లు ఆలస్యంగా పడుతుంది, అంతే. అయిదారు ముక్కలు కలిపి హోరు సంగీతంతో ట్రైలర్ చేయడమూ నాకు నచ్చదు. ఏ ఒక్కదాని మీదా ప్రశ్న పుట్టనివ్వదది.

తొమ్మిదో నిమిషం వచ్చినప్పుడు అదే ముక్కని మళ్లీ మొత్తం వేయకూడదు. చూసిందే కదా అని జనం వేలితో ముందుకు జరిపేస్తారు, గ్రాఫ్‌లో అక్కడ చిన్న గుంట కనిపిస్తుంది. చినిగే క్షణాన్ని రెండు సెకన్లకు కుదించి, వేరే కోణం ఉంటే అదే వేసి, రెండో ప్రయత్నంలోకి వెళ్లిపోవాలి. ఆ ప్రయత్నం పూర్తయ్యాక గీత దబ్బున పడితే, ఆ ఒక్క సమాధానం కోసమే ఆగారన్నమాట. అంటే చివరి అయిదు నిమిషాలకు వేరే పని పెట్టాలి, లేదా కోసేయాలి.

పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త. సబ్‌స్క్రైబర్లు ఓపిగ్గా కూర్చుంటారు. వీడియో కొత్తవాళ్లకు చేరేకొద్దీ ముప్పయ్యో సెకను శాతం తగ్గడం సహజం. ఇంచుమించు అంతే నిడివి ఉన్న మీ సొంత వీడియోలతోనే, అదీ ఒకే రకంగా వచ్చిన ప్రేక్షకులతోనే పోల్చుకోండి.

పాత వీడియోల విషయానికొస్తే, యూట్యూబ్ సొంత ఎడిటర్‌లో ముక్కలు కోయగలం కానీ ఒకచోటి ముక్కని ఇంకోచోటికి జరపలేం. ఘట్టాన్ని ముందుకు తేవడం అప్‌లోడ్‌కు ముందే జరగాలి. పెట్టేసినవాటిలో మొదటి లోగోని మాత్రం ఇవాళైనా కోసేయొచ్చు, లింకు మారదు, వచ్చిన వ్యూస్ పోవు.