డికెన్స్ పొడుగు వాక్యాన్ని ఎక్కడ తుంచాలి?

చార్లెస్ డికెన్స్ 1859లో రాసిన ‘ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్’ నవలలో మొదటి వాక్యమే సుమారు 120 మాటలుంటుంది. తెన్నేటి సూరి ‘రెండు మహానగరాలు’ పేరుతో తెలుగు చేసింది ఈ నవలనే. మంచీ చెడూ, వివేకం అవివేకం, వెలుగూ చీకటీ అంటూ ఎదురెదురు జంటలు కామాల మీద కామాలతో పేరా అంతా సాగిపోతాయి. ఇక్కడ అనువాదకుడికి మొదట తట్టే ఉపాయం, కామా ఉన్నచోటల్లా చుక్క పెట్టేయడం. అలా చేస్తే చదవడానికి హాయిగానే ఉంటుంది, కానీ ఒక్కో ముక్కా ఒక్కో సూక్తిలా విడిగా నిలబడిపోతుంది. డికెన్స్ ఇక్కడ సూక్తులు చెప్పడం లేదు. ఆ కాలమూ మన కాలం లాంటిదేననీ, గొంతు పెద్దదైన కొందరు మాత్రం దాన్ని అయితే ఆకాశానికెత్తారు, లేకపోతే పాతాళానికి తొక్కారనీ వాక్యం చివర్లో బయటపెడతాడు. అప్పటిదాకా మనం విన్న జంటలన్నీ ఆ గొంతుల అతిశయాలేనని అక్కడ తెలుస్తుంది. చివరి ముక్క వెనక్కి తిరిగి మొదటి ముక్కను తాకాలి. అందుకు మధ్యలో ఊపు ఆగకూడదు.

కాబట్టి ఈ వాక్యాన్ని తుంచకూడదనే నా అభిప్రాయం. తుంచకపోయినా అమరిక మాత్రం మార్చాలి. ఇంగ్లీషులో ముక్కలు చాలావరకు అవే రెండు మాటలతో మొదలవుతాయి, దరువంతా అందులోనే ఉంది. తెలుగులో ‘అది’, ‘అది’ అంటూ ప్రతి ముక్కనూ మొదలుపెడితే బడిపిల్లవాడు పాఠం ఒప్పజెప్పినట్టుంటుంది. మన వాక్యం బరువు చివర పడుతుంది. ఆ పునరుక్తిని చివరికి జరిపి ప్రతి ముక్కనూ ‘కాలం’ లాంటి మాట మీద దించితే దరువు మళ్లీ దొరుకుతుంది. ఇలాంటిచోట తెలుగుకు క్రియ కూడా అక్కర్లేదు కనుక ముక్కలు ఇంగ్లీషులోకన్నా పొట్టిగా, వేగంగా వస్తాయి.

పొడుగు వాక్యాలన్నీ ఇలా నిలుపుకోవాల్సినవి కావు. రెండో అధ్యాయమే చూడండి. 1775 నవంబరు చివర్లో ఒక శుక్రవారం రాత్రి, డోవర్ వెళ్లే బండి లండన్ శివార్లలో షూటర్స్ హిల్ ఎక్కుతోంది. ప్రయాణికులు దిగి బురదలో పక్కన నడుస్తున్నారు. డికెన్స్ ముందు ఆ నడక సంగతి చెప్తాడు. తర్వాత వాళ్లు నడక సరదాతో దిగలేదంటాడు. ఆ తర్వాత గుట్ట, బురద, జీను, బండి ఎంత బరువో, గుర్రాలు అప్పటికే ఎన్నిసార్లు ఆగిపోయాయో చెప్పి, ఒకసారైతే అవి తిరుగుబాటు చేసి బండిని వెనక్కి ఈడ్చుకుపోవాలని చూశాయని ముగిస్తాడు. నవ్వంతా ఆ గుర్రాల తిరుగుబాటులోనే ఉంది.

తెలుగు వ్యాకరణం మాత్రం కారణాన్ని ముందు చెప్పమంటుంది. ‘గుర్రాలు ఆగిపోవడం వల్ల, బురద ఎక్కువగా ఉండడం వల్ల ప్రయాణికులు దిగి నడిచారు’ అని ఒకే వాక్యంగా కడితే తప్పేమీ లేదు, కానీ గుర్రాలు మధ్యలో నలిగిపోయి వాక్యం నడక మీద చప్పగా ముగుస్తుంది. ఇక్కడ రెండు మూడు వాక్యాలుగా విడగొట్టడమే మేలు. మొదట నడక, తర్వాత ‘సరదాకి కాదు’ అన్న చిన్న మాట, చివరికి గుర్రాలు. చుక్కలు పెరిగినా క్రమం చెదరదు. ఏ పొడుగు వాక్యానికైనా నేను ముందు చూసేది ఇదే: మూలంలో చివర పడింది నా తెలుగులోనూ చివరే పడిందా? పడితే మధ్యలో చుక్కలెన్ని పెట్టినా నష్టం లేదు.

ఇంకొక చిక్కు, ఇంగ్లీషులో నామవాచకం తర్వాత వేలాడే విశేషణ వాక్యాలు తెలుగులో దాని ముందుకు రావడం. ‘చేసిన’, ‘వచ్చిన’, ‘చూసిన’ లాంటివి మూడు నాలుగు పేర్చాక గానీ మనిషి ఎవరో తెలియదు. పైకి చదివితే చాలు, ఆ పేరు రాకముందే ఊపిరి అయిపోతే అక్కడ కట్టు విప్పాలని అర్థం.

ఇక పాతదనం. 1859 నాటి పుస్తకం కదా అని గ్రాంథికంలో రాయడం నాకు నచ్చదు. డికెన్స్ తన పాఠకుల వాడుక ఇంగ్లీషులోనే వారం వారం ఈ కథ అందించాడు. పాత వాసన ఒక్కో మాటలో రావాలి. ఆ డోవర్ బండిని ‘మెయిల్ కోచ్’ అనకుండా ‘తపాలా బండి’ అంటే చాలు, కాలం కనిపిస్తుంది. (నిజానికి ఇంగ్లండులో తపాలా బండ్లు 1784లో గానీ మొదలవలేదు. పొరపాటు డికెన్సుది. దాన్ని దిద్దడం అనువాదకుడి పని కాదు.) అయితే ఫ్రాన్సులో పన్నులు వసూలు చేసే అధికారిని ‘తహసీల్దారు’ అంటే పాఠకుడు పారిస్ వదిలి మన తాలూకా కచేరీకి వచ్చేస్తాడు. పాత కాలాన్ని గుర్తుచేసే మాట కావాలి, మన ఊరిని గుర్తుచేసేది వద్దు.

ఒక విషయంలో తెలుగుకు ఇంగ్లీషు కన్నా ఎక్కువ వసతి ఉంది. ఇంగ్లీషు సంభాషణకు దాదాపు ‘యూ’ ఒక్కటే దిక్కు. మనకు తమరు, మీరు, నువ్వు ఉన్నాయి. రోడ్లు బాగుచేసే ఒక కూలీ మొదట మార్క్విస్ బండి ముందు టోపీ తీసి వణుకుతూ నిలబడతాడు. అక్కడ అతని నోట ‘తమరు’ రావాలి, మార్క్విస్ నోట ‘నువ్వు’. విప్లవం తర్వాత అదే మనిషి పారిస్‌లో కట్టెలు కోసుకుంటూ, మార్క్విస్ అన్న కోడలు లూసీని ‘పౌరురాలా’ అని పిలుస్తాడు. అక్కడ అతని చేత ‘నువ్వు’ అనిపించాలి. ఇది అనువాదకుడు సొంతంగా కల్పించింది కాదు. 1793లో విప్లవకారులు అందరినీ ఏకవచనంతో పిలవాలని నిజంగానే పట్టుబట్టారు. తెలుగులో ఆ ఒక్క మాటతో రాజ్యం తలకిందులైన సంగతి పాఠకుడి చెవికి అందుతుంది.

అన్నిటికన్నా కష్టమైంది నవల అంతటా అల్లుకున్న ఒక మాట. బాస్టీల్‌లో పద్దెనిమిదేళ్లు మగ్గిన డాక్టర్ మానెట్ బయటపడ్డాడని లారీ మూడు మాటల్లో కబురు పంపుతాడు, మళ్లీ బతుకులోకి పిలవబడ్డాడన్న అర్థంలో. ఆ కబురు మోసే జెర్రీ క్రంచర్, ఇలాంటివి ఎక్కువైతే తన గతేమిటని బెంగపడతాడు. రాత్రిళ్లు సమాధులు తవ్వి శవాలను వైద్యులకు అమ్మడం అతని రహస్య వ్యాపారం. ఆ రోజుల్లో కోతలు నేర్చుకోవడానికి చట్టప్రకారం దొరికేవి ఎక్కువగా ఉరితీసిన హంతకుల దేహాలే. అవి చాలక ఈ దొంగతనం పుట్టింది. అలాంటి దొంగను లండన్ వాళ్లు చనిపోయినవాళ్లను తిరిగి లేపేవాడు అన్నట్టుగా పిలిచేవారు. చివరి భాగంలో సిడ్నీ కార్టన్ రాత్రంతా వీధుల్లో తిరుగుతూ తలుచుకునే యోహాను సువార్త వచనంలోనూ ఉన్నది పునరుత్థానమే.

జెర్రీని ‘శవాల దొంగ’ అంటే ఈ దారం తెగుతుంది. డాక్టర్ సంగతికి ‘పునర్జన్మ’ అంటే ఇంకా ప్రమాదం, మరో జన్మ అనే భావన చొరబడుతుంది. ఇక్కడ నాకు ఆసరా అనిపించేది ‘లేచు’, ‘లేపు’ అనే క్రియలు. క్రీస్తు తిరిగి లేచాడని మన చర్చిల్లో అంటారు. దొంగ పర్సు లేపేశాడనీ అంటాం. ‘తిరిగి లేచాడు’ అనే కబురు డాక్టర్‌కు సరిపోతుంది, ‘శవాలు లేపేవాడు’ జెర్రీ రెండు అర్థాలకూ సరిపోతుంది. సువార్త వచనంలో మాత్రం తెలుగు బైబిల్లోని ‘పునరుత్థానం’ మార్చకూడదు, ఆ వచనం చిన్ననాటి నుంచీ విన్నవాళ్లు ఎందరో ఉన్నారు. దాని పక్కనే కథకుడి మాటల్లో ‘లేవడం’ ఒక్కసారి వస్తే చాలు, దారం కలుస్తుంది. కార్టన్ ఘట్టం మూడో భాగం తొమ్మిదో అధ్యాయంలో ఉంది. అక్కడిదాకా తెలుగు చేసి, ఈ క్రియ అక్కడ నిలుస్తుందో లేదో చూసుకున్నాకే మొదటి భాగంలో లారీ పంపిన కబురును ఖాయం చేసుకోవాలి.