మందుల గదిలో మైనస్ ఆరు

ఒక మందు డబ్బాలో మైనస్ ఆరు సీసాలు ఉండటం సాధ్యమా? అరలో కాదు గానీ, కంప్యూటర్‌లో మాత్రం తరచూ కనిపిస్తుంది. రసీదు ఆలస్యంగా రాసినా, బ్యాచ్ నంబర్ ఒకటి తప్పుగా ఎంచుకున్నా ఇలాంటి అంకె పుడుతుంది. దాన్ని తెల్లవారేలోపు పట్టుకోవడానికే ప్రతి రాత్రీ సర్వర్‌లో కొన్ని తనిఖీలు నడుపుతారు.

అండమాన్ నికోబార్ దీవుల్లో ఇలాంటి తప్పుకు మూల్యం ఎక్కువ. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే, పోర్ట్ బ్లెయిర్‌కు (2024 నుంచి శ్రీ విజయపురం) దక్షిణంగా 500 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. సరుకు ప్రధానంగా ఓడలో వస్తుంది. మందు అయిపోయిందని ఆలస్యంగా తెలిస్తే పక్క ఊరి నుంచి తెప్పించుకునే వీలు లేదు.

తప్పు రికార్డును మొదట్లోనే తిరస్కరించవచ్చు కదా అనిపిస్తుంది. డేటాబేస్‌కు ఆ శక్తి ఉంది. నిల్వ సున్నా కన్నా తగ్గకూడదని, బ్యాచ్ పట్టికలో లేని నంబర్‌ను ఒప్పుకోకూడదని నియమం పెట్టవచ్చు. కానీ అప్పటికే నర్సు రోగికి ఇంజెక్షన్ ఇచ్చేశారు. నమోదును కంప్యూటర్ తిప్పికొడితే, జరిగిన చికిత్సకు రికార్డే మిగలదు. పైగా చెన్నై నుంచి వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమై గ్రేట్ నికోబార్ దాకా చేరినా, నెట్ అందని చోట ట్యాబ్‌లో రాసుకుని తర్వాత పంపే పని ఇంకా ఉంటుంది. అప్పుడు వాడకం ముందు, రసీదు తర్వాత చేరవచ్చు. అందుకే ఇలాంటి చోట్ల పగలు వచ్చినదాన్ని వచ్చినట్టు తీసుకుని, రాత్రి లెక్క సరిచూడటం మేలు.

ఇది ఎలా నడుస్తుందో తెలియడానికి క్యాంప్‌బెల్ బేలో ఒక ఆరోగ్య కేంద్రాన్ని ఊహించుకుందాం. జులై 8న అక్కడ సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ వయల్స్ 12 ఉన్నాయి. వాటిని బ్యాచ్ ‘ఎ’ అందాం. ఆ రోజే ఓడలో బ్యాచ్ ‘బి’ నుంచి 40 వచ్చాయి. పెట్టె మందుల గదికి చేరింది. కాగితాలు సొరుగులో ఉండిపోయాయి. తర్వాతి నాలుగు రోజుల్లో 18 వయల్స్ వాడారు. 10వ తేదీకే ‘ఎ’ అయిపోయింది. 11, 12 తేదీల్లో ఇచ్చిన ఆరూ నిజానికి ‘బి’వే. కానీ ‘బి’ ఇంకా కంప్యూటర్‌లో లేదు. తెర మీద ఉన్న ‘ఎ’నే సిబ్బంది ఎంచుకున్నారు. ‘ఎ’ నిల్వ మైనస్ ఆరైంది.

13న రసీదు ఎక్కించారు. ఇప్పుడు ‘బి’ 40, ‘ఎ’ మైనస్ ఆరు, మొత్తం 34. అరలో లెక్కపెట్టినా సరిగ్గా 34 ఉన్నాయి. మొత్తం మాత్రమే చూసే తనిఖీకి ఇక్కడ ఏ తప్పూ దొరకదు. కానీ రేపు ‘బి’లో లోపం ఉందని వెనక్కి పిలిస్తే, ఆ ఆరు వయల్స్ పొందిన రోగులు జాబితాలోకి రారు. నిల్వ తనిఖీ కేంద్రం వారీగానే కాక బ్యాచ్ వారీగా, రోజు వారీగా జరగాల్సింది ఇందుకే. రాబడిని ప్లస్‌గా, వాడకాన్ని మైనస్‌గా దాచిన పట్టికలో ఆ ప్రశ్న ఇలా ఉంటుంది:

```sql
SELECT * FROM (
  SELECT centre_id, batch_id, txn_date,
         SUM(qty) OVER (
           PARTITION BY centre_id, batch_id
           ORDER BY txn_date) AS balance
  FROM stock_txn) t
WHERE balance < 0;
```

ఇది ప్రతి బ్యాచ్‌కూ మొదటి రోజు నుంచి కూడుకుంటూ వచ్చి, ఏ రోజు చివరనైనా నిల్వ సున్నా కిందికి పోయిందా అని చూస్తుంది. తేదీని బట్టే వరుస పెట్టడం వల్ల ఒకే రోజు జరిగినవన్నీ కలిసి లెక్కకు వస్తాయి. నమోదైన క్రమాన్ని కూడా కలిపితే, ఉదయం వచ్చిన సరుకు సాయంత్రం రాసినప్పుడల్లా అనవసరపు హెచ్చరిక మోగుతుంది.

దిద్దుబాటు సంగతి చూడండి. మైనస్ ఆరును సున్నా చేసేస్తే హెచ్చరిక పోతుంది, కానీ మొత్తం 40 అవుతుంది. అరలో 34 ఉండగా ఇది కొత్త తప్పు. సరైన పని ఆ ఆరు వాడకాలను ‘బి’కి మార్చడం. మార్చిన రాత్రే మరో హెచ్చరిక వస్తుంది: 11న ‘బి’ నిల్వ మైనస్! రసీదు 13వ తేదీతో ఎక్కింది కాబట్టి. సొరుగులోని కాగితం చూసి దాన్ని 8కి మారిస్తే లెక్క కుదురుతుంది.

అదే నర్సు జాబితా నుంచి ఎంచుకోకుండా వయల్ మీద ఉన్న ‘బి’ నంబర్‌నే చేత్తో కొట్టి ఉంటే? అప్పుడు ‘ఎ’ మైనస్‌లోకి పోదు, ‘అనాథ వరుస’ పుడుతుంది. అంటే వాడకం వరుస ఒక బ్యాచ్‌ను చూపిస్తుంది, బ్యాచ్ పట్టికలో ఆ బ్యాచే ఉండదు. దాని తయారీ తేదీ, గడువు తేదీ ఏవీ తెలియవు. రెండు పట్టికలను కలిపి చూసే నివేదికల్లో ఈ వరుస చప్పుడు లేకుండా మాయమవుతుంది. ఆ నివేదికల్లో మైనస్ కనీసం కంటికి కనబడుతుంది, ఇది అదీ కాదు. రసీదు ఎక్కగానే కొన్ని అనాథలు వాటంతటవే కుదురుకుంటాయి. రెండు మూడు రాత్రులు దాటినా మిగిలినవాటికే హెచ్చరిక పంపడం నయం.

తేదీలది మరో గొడవ. ఫిబ్రవరి 31ని డేటాబేసే ఒప్పుకోదు. చిక్కు వచ్చేది విడిగా చూస్తే సరిగానే ఉండి, పక్కదానితో పొసగని తేదీలతో. తయారీ కన్నా ముందు గడువు తీరడం, రేపటి తేదీతో వాడకం, గడియారం చెడిన ట్యాబ్ నుంచి వచ్చిన 1970 జనవరి 1 ఇలాంటివే. అయితే తనిఖీయే తప్పు చేసే చోటు ఒకటుంది. సర్వర్ యూటీసీ కాలంలో నడిస్తే, మన గడియారం దానికన్నా అయిదున్నర గంటలు ముందుంటుంది. రాత్రి ఒంటిగంటకు తనిఖీ నడిచేటప్పుడు సర్వర్‌కు ఇంకా నిన్నటి తేదీయే. అర్ధరాత్రి దాటాక రాత్రి డ్యూటీలో ఇచ్చిన ప్రతి మందూ దానికి ‘భవిష్యత్తు’లా కనిపిస్తుంది. మందు డబ్బాపై నెల, సంవత్సరం మాత్రమే ఉంటే ఆ నెల చివరి రోజు వరకు గడువు ఉన్నట్టు. దాన్ని ఒకటో తేదీగా దాస్తే పనికొచ్చే మందు నెల ముందే పక్కకు పోతుంది.

ఈ తనిఖీలకు అందనివీ ఉన్నాయి. పై ఉదాహరణలో 18 బదులు పదే వాడి ఉంటే నిల్వ రెండుగా కనిపించేది. మైనస్ లేదు కాబట్టి హెచ్చరికా లేదు. అరలో 42 ఉండగా కంప్యూటర్ మాత్రం అత్యవసరంగా సరుకు పంపమని అడిగేది. దాన్ని పట్టేది నెలకోసారి అర ముందు నిలబడి చేసే లెక్కింపే.

హెచ్చరిక ఎవరికి వెళ్లాలన్నది కూడా ముఖ్యమే. కాగితం ఉన్న సొరుగు ఎవరి దగ్గర ఉందో వారికే వెళ్లాలి. రోజూ అవే నలభై వరుసలు పంపితే వారం తిరక్కుండానే ఎవరూ తెరవరు. అందుకే నిన్న లేనివి మాత్రమే పైన, పాతవి ఒక అంకెగా కింద చూపిస్తారు. తప్పులేమీ లేని రాత్రి కూడా ‘తనిఖీ జరిగింది, చూసిన వరుసలు ఇన్ని, తప్పులు సున్నా’ అని ఒక కబురు వెళ్తుంది. అది రాని ఉదయం ముందుగా చూడాల్సింది మందుల గదిని కాదు, తనిఖీ ప్రోగ్రామ్ అసలు నడిచిందా అన్నది.