వాచీ అసలుదే, పేచీ కార్డుది

మా బావమరిది దుబాయ్‌లో పనిచేస్తాడు. కిందటేడు సెలవుకి వచ్చినప్పుడు ఎర్ర పెట్టె ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. లోపల ఒమెగా సీమాస్టర్. "షోరూమ్ ధర కంటే పాతిక శాతం తక్కువకి ఇచ్చారు బావా. నకిలీది అంటగట్టలేదు కదా?" అన్నాడు.

వాచీ అసలుదే. కార్డు చూపించమన్నాను. దాని మీద ముద్ర వేరే దేశపు డీలరుది, తేదీ ఏడాది కిందటిది. ఐదేళ్ల వారంటీలో మొదటి ఏడాది మావాడు వాచీ చూడకముందే కరిగిపోయింది. మిగిలిన నాలుగేళ్లూ మాత్రం చెల్లుతాయి. ఒమెగా వారంటీ ఏ దేశంలోనైనా పనిచేస్తుంది. కార్డు పూర్తిగా నింపి ఉండాలి, తేదీ ఉండాలి, కంపెనీ గుర్తించిన డీలరు ముద్ర ఉండాలి. వాళ్లడిగేది అంతే.

గ్రే మార్కెట్ అనగానే దొంగసరుకు అనుకుంటాం గానీ, సాధారణంగా అది డీలరు దుకాణంలో అమ్ముడుపోక మిగిలిన సరుకే. కంపెనీ పంపిన మోడళ్లలో కొన్ని కదలవు. డబ్బు ఇరుక్కుపోతుంటే డీలరు వాటిని టోకుగా వ్యాపారికి వదిలించుకుంటాడు. కంపెనీకి తెలిస్తే డీలర్‌షిప్‌కే ముప్పు, కాబట్టి గుట్టుగా చేస్తాడు. అక్కడి నుంచి వాచీ రెండు మూడు చేతులు మారి ఇంకో దేశం చేరుతుంది.

అమెరికాలో కాస్ట్‌కో సంస్థ ఇలాగే సీమాస్టర్లు తెప్పించి, 1,995 డాలర్ల వాచీని 1,299కి అమ్మింది. ఒమెగా కోర్టుకెక్కింది. వాచీ వెనక చెక్కిన చిన్న భూగోళం బొమ్మకి కాపీరైట్ ఉందన్నది దాని వాదన. 2010లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు నలుగురు ఇటు, నలుగురు అటు చీలిపోయారు. చివరికి 2015లో కాస్ట్‌కోనే గెలిచింది. మన దేశంలో 2012లో శామ్‌సంగ్ కేసులో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి కూడా అసలు సరుకుని బయటి నుంచి తెచ్చి అమ్ముకోవచ్చంది. ఒక షరతు పెట్టింది: కంపెనీ వారంటీ లేదని, సర్వీసు బాధ్యత తనదేనని అమ్మేవాడు దుకాణంలో స్పష్టంగా రాసి పెట్టాలి. అలాంటి బోర్డు నాకు ఇంతవరకూ ఏ వాచీల కొట్లోనూ కనబడలేదు.

మావాడిది అదృష్టం. చాలాసార్లు కార్డు ఖాళీగా వస్తుంది, లేదా అసలు రాదు. ఖాళీ కార్డు మీద కొట్టువాడు పెన్నుతో తేదీ వేసిస్తే దానికి విలువ లేదు. "మా షాపు వారంటీ రెండేళ్లు" అన్నాడంటే, రిపేరు చేసేది అతను పెట్టుకున్న మెకానిక్కే. అయినా డబ్బు కడితే కంపెనీ సర్వీసు సెంటరు మామూలుగా చేసిపెడుతుంది. అసలు ప్రమాదం సీరియల్ నంబరు చెరిపేసిన వాచీతో. ఏ డీలరు నుంచి జారిందో తెలియకుండా కొందరు నంబరు గీకేస్తారు. దాన్ని కంపెనీ ముట్టుకోకపోవచ్చు. సీమాస్టర్‌కి ఆ నంబరు వెనకవైపు, పట్టీ తగిలించే కొమ్ము మీద సన్నగా ఉంటుంది. భూతద్దంతో చూసి కార్డులోని నంబరుతో సరిపోల్చుకోవాలి.

ఇక తిరిగి అమ్మేటప్పటి లెక్క. షోరూమ్‌లో 6 లక్షల వాచీ గ్రేలో 4.5 లక్షలకి దొరికిందనుకుందాం. రెండేళ్ల తర్వాత డీలరు బిల్లు, నిండు కార్డు ఉన్నదానికి 3.8 లక్షలు, కార్డు సరిగా లేనిదానికి 3.5 లక్షలు పలికాయనుకోండి. షోరూమ్‌లో కొన్నవాడికి 2.2 లక్షలు పోయాయి, గ్రేలో కొన్నవాడికి లక్ష. మధ్యలో రిపేరుకి 60 వేలు పెట్టినా రెండోవాడే లాభంలో ఉన్నాడు. కార్డు లోటు వల్ల తగ్గింది 30 వేలే, ముందే మిగిలింది లక్షన్నర. షోరూమ్‌లో గట్టిగా బేరమాడి ధర తగ్గించుకుంటే మాత్రం ఈ తేడా చాలావరకు మాయమవుతుంది. అందుకే ముందు అక్కడే అడగమంటాను.

రోలెక్స్ స్టీలు డేటోనాకి వచ్చేసరికి ఇదంతా తలకిందులు. అది డీలరు దగ్గర చెప్పిన ధరకి దొరకదు, వరుసలో నిలబడాలి. గ్రేలో ఆ ధర కంటే ఎక్కువ పెట్టాలి. 2022 మొదట్లో ధరలు కొండెక్కినప్పుడు ఆత్రపడి అలా కొన్నవాళ్లు, అవి దిగాక చేతులు కాల్చుకున్నారు. డీలరు దగ్గర కొన్నవాళ్లకి ఆ దెబ్బ తగల్లేదు.

మావాడు వెళ్లేముందు వాచీని ఊరికే ఒక పాత వాచీల వ్యాపారికి చూపించాం. అద్దం కూడా చూడకుండా ఆయన చెయ్యి చాపి అడిగింది కార్డునే. తేదీ చూసి, "ఇంకా నాలుగేళ్లుందిగా" అని, అప్పుడు వాచీని చేతిలోకి తీసుకున్నాడు.